సగటు ఒకటే, సెక్షన్లు వేరు

పదో తరగతి ఎ సెక్షన్‌లో పదిహేను మంది, బి సెక్షన్‌లో పదిహేను మంది. ఇద్దరికీ ఒకే లెక్కల పేపరు, వంద మార్కులకు. మార్కులన్నీ కూడి పదిహేనుతో భాగిస్తే రెండు సెక్షన్లకూ సగటు సరిగ్గా 57 వచ్చింది. స్టాఫ్ రూములో ఈ ఒక్క అంకె చూసినవాళ్లు రెండు సెక్షన్లనూ ఒకే గాటన కట్టేసి రిజిస్టరు మూసేస్తారు. మూయకముందు మార్కులను చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా రాసి చూద్దాం. వివరించడానికి వీలుగా నేను వేసుకున్న మార్కులే ఇవి. అయినా బడిలో పనిచేసిన వాళ్లకు ఇలాంటి సెక్షన్లు కొత్తేమీ కావు.

ఎ సెక్షన్: 38, 44, 47, 50, 53, 55, 57, 58, 59, 60, 62, 64, 66, 69, 73

బి సెక్షన్: 18, 25, 31, 36, 41, 44, 48, 52, 63, 72, 78, 82, 85, 88, 92

ఎ సెక్షన్‌లో అందరూ పాసయ్యారు, కానీ 75 దాటినవాళ్లు ఒక్కరూ లేరు. బి సెక్షన్‌లో ముగ్గురు 35 కూడా తెచ్చుకోలేదు, ఐదుగురు 75 దాటారు. ఇవి ఒకే పాఠం ఒకే తీరులో చెప్పదగ్గ తరగతులు కావు. ఆ తేడా 57 అనే అంకెలో ఎక్కడా కనబడదు. పదిహేను మార్కులూ ఏకరువు పెట్టనక్కర లేకుండా, ఒక్క సగటుతోనే సరిపెట్టకుండా, మధ్యేమార్గంగా చెప్పే పద్ధతి ఒకటుంది. ప్రతి సెక్షన్‌కూ ఐదు అంకెలు తీయడం, వాటితో ఒక పెట్టె బొమ్మ గీయడం. స్టాటిస్టిక్స్‌లో ఆ అంకెలను ఫైవ్ నంబర్ సమ్మరీ అనీ, ఆ బొమ్మను బాక్స్ ప్లాట్ అనీ అంటారు. దీన్ని బాగా వాడుకలోకి తెచ్చినవాడు అమెరికా గణాంక శాస్త్రవేత్త జాన్ టూకీ. 1977లో వచ్చిన ఆయన పుస్తకం ‘ఎక్స్‌ప్లొరేటరీ డేటా అనాలిసిస్’తో ఇది ఊరూరా పాకింది. ఇలాంటి పట్టీ బొమ్మను మేరీ ఎలియనర్ స్పియర్ 1952లోనే చూపించింది గానీ పేరు మాత్రం టూకీకే దక్కింది. కాగితం, కలం ఉంటే చాలు, కంప్యూటరుతో పనిలేకుండా గీసుకోవచ్చు.

ముందు ఐదు అంకెలు తీద్దాం. వరసలో మొదటిది కనిష్ఠం, చివరిది గరిష్ఠం. పదిహేను మందిలో నట్టనడుమ నిలిచేది ఎనిమిదో విద్యార్థి. ఆ మార్కే బళ్లో మనం చదువుకున్న మధ్యగతం. ఆ ఒక్కరినీ పక్కన పెడితే కింద ఏడుగురు, పైన ఏడుగురు మిగులుతారు. కింది ఏడుగురిలో నడిమివాడు వరసలో నాలుగోవాడు. ఆ మార్కు మొదటి క్వార్టైల్. పై ఏడుగురిలో నడిమివాడు పన్నెండోవాడు. అది మూడో క్వార్టైల్. ఎ సెక్షన్‌కు ఇవి వరసగా 38, 50, 58, 64, 73. బి సెక్షన్‌కు 18, 36, 52, 82, 92.

ఇక బొమ్మ. గ్రాఫ్ కాగితం మీద సెంటీమీటరుకు పది మార్కుల చొప్పున సున్నా నుంచి వంద దాకా ఒక గీత గీయండి. దానికి పైన ఎ సెక్షన్ కోసం 5 సెంటీమీటర్ల దగ్గర మొదలై 6.4 దగ్గర ముగిసే పెట్టె వేసి, లోపల 5.8 దగ్గర అడ్డగీత పెట్టండి. పెట్టె ఎడమ అంచు నుంచి 3.8 దాకా, కుడి అంచు నుంచి 7.3 దాకా సన్నని గీతలు లాగండి. వీటిని మీసాలంటారు. దాని కిందే, అదే కొలతలో, బి సెక్షన్‌కు 3.6 నుంచి 8.2 దాకా పెట్టె, 5.2 దగ్గర అడ్డగీత, 1.8 దాకా ఒక మీసం, 9.2 దాకా ఇంకొకటి. అదే కొలతలో అని ఊరికే అనడం లేదు. రెండు బొమ్మలూ విడివిడిగా గీయమంటే సాఫ్ట్‌వేర్ ఒక్కోసారి దేని స్కేలు దానికే సర్దేస్తుంది. అప్పుడు పొట్టి పెట్టె, పొడుగు పెట్టె ఒకే సైజులో కనబడి, పోల్చడానికే లేకుండా పోతుంది. రెంటికీ కింద ఒకే గీత ఉందో లేదో ముందు చూడాలి.

ఇప్పుడు రెండు పెట్టెలనూ కలిపి చదవండి. ఎ పెట్టె మొత్తం బి పెట్టె లోపలే ఇమిడిపోయింది. బి పెట్టె ఎడమ అంచు 36 దగ్గర ఉంది, ఎ సెక్షన్‌లో అందరికన్నా వెనకబడిన విద్యార్థికి 38 వచ్చాయి. అంటే బి సెక్షన్‌లో అడుగున ఉన్న నలుగురు ఎ సెక్షన్ ఆఖరివాడి కన్నా కింద ఉన్నారు. కుడివైపు చూస్తే బి పెట్టె అంచు 82, ఎ సెక్షన్ ఫస్టు మార్కు 73. బి సెక్షన్‌లో పైనున్న నలుగురూ ఎ సెక్షన్ ఫస్టును అవలీలగా దాటేశారు. పెట్టె పొడవు నడిమి సగం మంది ఎంత మేర చెల్లాచెదురయ్యారో చెబుతుంది. ఎ సెక్షన్‌లో అది 14 మార్కులు, బి సెక్షన్‌లో 46. ఎ సెక్షన్ టీచరు ఒకే మట్టంలో పాఠం చెప్పుకుపోవచ్చు. బి సెక్షన్ టీచరు అలా చెబితే కొందరికి అందదు, కొందరికి విసుగు.

ఈ బొమ్మతో తొలిసారి పరిచయమైనవాళ్లలో చాలామంది ఒకచోట తప్పటడుగు వేస్తారు. బి పెట్టెలో అడ్డగీతకు కుడివైపు భాగం 52 నుంచి 82 దాకా, ముప్పై మార్కుల వెడల్పు. ఎడమవైపు 36 నుంచి 52 దాకా పదహారే. వెడల్పుగా ఉంది కాబట్టి కుడివైపే పిల్లలు ఎక్కువ అనిపిస్తుంది. నిజానికి రెండు భాగాల్లోనూ ఉన్నది ముగ్గురే. ఎడమ భాగంలో 41, 44, 48, కుడి భాగంలో 63, 72, 78. పెట్టెలోని ఒక్కో భాగంలో, ఒక్కో మీసంలో దాదాపు పావు వంతు పిల్లలే ఉంటారు. భాగం పొడుగైతే పిల్లలు దూరదూరంగా ఉన్నారని, పొట్టిదైతే ఒకరినొకరు ఆనుకుని ఉన్నారని అర్థం. అంతేగాని తలల లెక్క కాదు. మొత్తం సెక్షన్‌లో ఎంతమందో కూడా పెట్టె చెప్పదు. పదిహేను మందికీ అరవై మందికీ అదే బొమ్మ వస్తుంది. అందుకే పక్కన సంఖ్య రాసి తీరాలి.

అడ్డగీతల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఎ మధ్యగతం 58, బి మధ్యగతం 52. ‘ఎ సెక్షన్ ఆరు మార్కులు మెరుగు’ అని రాసేయాలని చెయ్యి లాగుతుంది. ఆగి మార్కుల పట్టీ చూడండి. బి సెక్షన్‌లో ఎనిమిదోవాడికి 52, తొమ్మిదోవాడికి 63. మధ్యలో పదకొండు మార్కుల ఖాళీ. ఇప్పుడు 48 వచ్చిన విద్యార్థి రెండు లెక్కలు ఎక్కువ చేసి 65 తెచ్చుకున్నాడనుకుందాం. వరస జరిగి, ఎనిమిదో స్థానంలోకి 63 వస్తుంది. ఒక్కరి మార్కులు మారితే బి మధ్యగతం 52 నుంచి 63కు ఎగబాకి, ఎ సెక్షన్‌నే దాటేసింది! ఎ సెక్షన్‌లో ఏ ఒక్కరి మార్కులు ఎటు మారినా మధ్యగతం 57కూ 59కీ మధ్యే ఉంటుంది, ఎందుకంటే అక్కడ నడుమ పిల్లలు దగ్గరదగ్గరగా ఉన్నారు. కాబట్టి పెట్టెలు పొడుగ్గా ఉండి పిల్లలు తక్కువగా ఉన్నప్పుడు అడ్డగీతల మధ్య చిన్న తేడాను పట్టుకుని ఒక సెక్షన్‌ను పొగడడం, ఇంకో టీచరును నిలదీయడం అన్యాయం. ఈ రెండు సెక్షన్ల మధ్య నిజంగా నిలబడే తేడా పెట్టెల పొడవులోనే ఉంది.

కంప్యూటరులో చేస్తే ఐదు అంకెలు మీ చేతి లెక్కతో కలవకపోవచ్చు. కంగారు పడకండి. క్వార్టైల్ తీయడానికి పద్ధతులు ఒకటికి మించి ఉన్నాయి. ఎక్సెల్‌లో ఎ సెక్షన్ మార్కులు A2 నుంచి A16 దాకా వేసి చూడండి:

```
=QUARTILE.EXC(A2:A16,1)
=QUARTILE.INC(A2:A16,1)
```

మొదటిది మన లెక్కలాగే 50 ఇస్తుంది. రెండోది 51.5 ఇస్తుంది, నాలుగో, ఐదో మార్కుల నడుమకు వెళ్తుంది గనుక. ఏదీ తప్పు కాదు. రెండు సెక్షన్లకు రెండు పద్ధతులు వాడి పోల్చడమే తప్పు.

ఈ బొమ్మ దాచేసేది కూడా ఉంది. కింది మార్కులు చూడండి:

18, 35, 35, 36, 37, 38, 39, 52, 79, 80, 81, 82, 83, 84, 92

ఐదు అంకెలు తీస్తే 18, 36, 52, 82, 92. అచ్చం బి సెక్షన్‌వే, పెట్టె కూడా అదే. కానీ ఇక్కడ పిల్లలు రెండు గుంపులుగా చీలిపోయారు. ఒక గుంపు పాస్ మార్కు చుట్టూ, ఇంకో గుంపు 80 చుట్టూ, నడుమ ఒకే ఒక్కడు. పెట్టె నడిమి గీత దగ్గర జనం ఉన్నారని కన్ను అనుకుంటుంది, తీరా చూస్తే అక్కడ ఖాళీ. పదిహేను మంది సెక్షన్‌లో ఈ ప్రమాదం తప్పించుకోవడం తేలిక. పెట్టె గీశాక దాని మీదే ఒక్కో విద్యార్థికీ ఒక్కో చుక్క పెట్టండి. గుంపులుంటే చుక్కలే బయటపెడతాయి.

ఆఖరిగా మీసాల మాట. ఎ సెక్షన్‌లో 38 రావలసిన విద్యార్థి పరీక్షకు రాలేదనుకోండి. కంప్యూటరులో ఎక్కించినవాళ్లు ‘ఆబ్సెంట్’ బదులు 0 కొట్టేశారు. సగటు 57 నుంచి 54.5కు జారింది. ఐదు అంకెల్లో కనిష్ఠం ఒక్కటే 0 అయింది, పెట్టె అంగుళం కూడా కదల్లేదు. ఇలాంటి మార్కులను పట్టుకోవడానికి టూకీ ఒక హద్దు పెట్టాడు. పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు తీసి, అంచుల నుంచి అంత దూరం దాకానే మీసాన్ని పోనివ్వాలి. దాని అవతల ఉన్నదాన్ని విడి చుక్కగా పెట్టాలి. ఎ సెక్షన్‌లో పెట్టె పొడవు 14, ఒకటిన్నర రెట్లు 21. యాభై నుంచి 21 తీసేస్తే కింది హద్దు 29. మీసం 44 దగ్గర ఆగిపోతుంది, 0 ఎక్కడో దూరంగా ఒంటరి చుక్కై ‘నన్నొకసారి చూడండి’ అంటుంది. మిగతా సెక్షన్‌తో పొంతన లేదని మాత్రమే ఆ చుక్క చెబుతుంది, తప్పు అని చెప్పదు. పోయి హాజరు పట్టీ చూసుకోవలసింది మనమే.

అదే పొరపాటు బి సెక్షన్‌లో జరిగి 18 బదులు 0 పడితే? అక్కడ పెట్టె పొడవు 46, ఒకటిన్నర రెట్లు 69. కింది హద్దు 36 లోంచి 69 తీసేస్తే మైనస్ 33. అంత కింద మార్కులే ఉండవు. 0 చుక్కగా విడివడదు, మీసంలోనే కలిసిపోతుంది. చెల్లాచెదురుగా ఉన్న సెక్షన్‌లో తప్పుడు సున్నా ఎవరి కంటా పడకుండా కూర్చుంటుంది. అందుకని బి లాంటి సెక్షన్‌కు బొమ్మ గీసేముందే హాజరు పట్టీనీ మార్కుల పట్టీనీ పక్కపక్కన పెట్టుకుని, రాని పిల్లల గడులను ఖాళీగా వదిలేయాలి. ఎక్సెల్ ఖాళీ గడులను లెక్కలోకి తీసుకోదు, సున్నాలనైతే తీసుకుంటుంది.