పదిహేను లెక్క, ముప్పై ఒకటి హద్దు

ఇంగ్లండులో పాతకాలపు పబ్బుకు వెళ్తే, ఏదో ఒక మూల బల్ల దగ్గర ఇద్దరు పెద్దవాళ్లు పేకముక్కలు పరుచుకుని, పక్కన చిల్లులు పెట్టిన ఒక చెక్క పలకను ఉంచుకుని ఆడుకుంటూ కనిపించవచ్చు. ముక్కలు చూపించేటప్పుడు "ఫిఫ్టీన్ టూ, ఫిఫ్టీన్ ఫోర్, పెయిర్ సిక్స్" అని గడగడా చదివేస్తారు. వినేవాళ్లకు అదేదో మంత్రంలా ఉంటుంది. ఆ ఆట పేరు క్రిబేజ్. పదిహేడో శతాబ్దపు కవి సర్ జాన్ సక్లింగ్ దీన్ని కనిపెట్టాడని ఆయన జీవితం రాసిన జాన్ ఆబ్రీ చెప్పాడు. నిజానికి అప్పటికే ఉన్న 'నాడీ' అనే ఆటకు సక్లింగ్ మెరుగులు దిద్ది ఉంటాడని ఎక్కువమంది అంటారు. పందెం కాసి ఆడే పేకాటల మీద బ్రిటన్ చట్టాలు ఎన్ని ఆంక్షలు పెట్టినా, పబ్బుల్లో క్రిబేజ్‌కూ డామినోలకూ మాత్రం మినహాయింపు ఇస్తూ వచ్చాయి.

మన దగ్గర పేకాట అంటే ముందు గుర్తొచ్చేది రమ్మీ. రమ్మీ తెలిసినవాళ్లకు క్రిబేజ్‌లో సగం పరిచయమే. జతలుంటాయి, వరసలుంటాయి. తేడా ఏమిటంటే రమ్మీలో వరసకు ఒకే రంగు కావాలి, ఇక్కడ రంగుతో పనిలేదు. ఇస్పేటు ఆరు, ఆఠీన్ ఏడు, కళావర్ ఎనిమిది కలిస్తే అదీ వరసే. ఆసు ఎప్పుడూ ఒకటే, కాబట్టి రాణి, రాజు, ఆసు ఇక్కడ వరస కాదు. జోకర్లు ఉండవు.

ఇద్దరు ఆడేటప్పుడు చెరొకరికి ఆరు ముక్కలు పంచుతారు. ఇద్దరూ తలా రెండు ముక్కలు మూసి పక్కన పెడతారు. ఆ నాలుగు ముక్కల కుప్పే క్రిబ్. అది ఈసారి పంచినవాడి సొత్తు, చివర్లో దాని పాయింట్లూ అతనికే. ఆ తర్వాత మిగిలిన కట్టను పంచనివాడు కోస్తాడు, పంచినవాడు పైముక్కను తిప్పి పెడతాడు. దాన్ని స్టార్టర్ అంటారు. అది జాకీ అయితే పంచినవాడికి అక్కడికక్కడే రెండు పాయింట్లు. లెక్క సమయంలో ఈ స్టార్టర్‌ను ఇద్దరూ తమ ఐదో ముక్కగా వాడుకుంటారు. ఎవరు ముందు 121 చేరితే వాళ్లు గెలిచినట్టు.

ముందు చేతి లెక్క చూద్దాం. మీరు పంచలేదనుకోండి. మీకు ఆరు, రెండు ఏళ్లు, ఎనిమిది, రాజు, రెండు వచ్చాయి. రాజునూ రెండునూ అవతలివాడి క్రిబ్‌లో వేసి, మిగతా నాలుగూ ఉంచుకున్నారు. మంచి పనే. అవతలివాడి క్రిబ్‌కు ఒకదానికొకటి దూరంగా ఉండే ముక్కలే ఇవ్వాలి. ఐదు మాత్రం చచ్చినా ఇవ్వకూడదు. బొమ్మ ముక్కలూ పదులూ అన్నీ పదే లెక్క, యాభై రెండు ముక్కల్లో అలాంటివి పదహారు. వాటిలో ఏది తగిలినా ఐదుతో కలిసి పదిహేను అయిపోతుంది.

కోస్తే ఇస్పేటు తొమ్మిది వచ్చింది. ఇప్పుడు మీ ఐదు ముక్కలు ఆరు, ఏడు, ఏడు, ఎనిమిది, తొమ్మిది.

పదిహేనులతో మొదలుపెట్టాలి. పదిహేను అయ్యే ప్రతి కలయికకూ రెండు పాయింట్లు. ఒకే ముక్క ఎన్ని కలయికల్లోనైనా రావచ్చు, కొత్తవాళ్లకు తట్టనిది ఇక్కడే. మొదటి ఏడు ఎనిమిదితో కలిస్తే పదిహేను, రెండు. రెండో ఏడు అదే ఎనిమిదితో కలిస్తే మళ్లీ పదిహేను, నాలుగు. ఆరూ తొమ్మిదీ కలిస్తే ఇంకో పదిహేను, ఆరు. మూడు ముక్కలతో ప్రయత్నిస్తే, మీ దగ్గరున్న చిన్న మూడూ కలిపినా ఇరవై అవుతుంది, కాబట్టి పదిహేనులు అంతటితో సరి.

తర్వాత జతలు. రెండు ఏళ్లు ఒక జత, రెండు పాయింట్లు, మొత్తం ఎనిమిది. ఒకే ముక్క మూడు వస్తే ఆరు, నాలుగు వస్తే పన్నెండు అని విడిగా బట్టీ పట్టనక్కర్లేదు. మూడు ముక్కల్లోంచి మూడు జతలు, నాలుగింట్లోంచి ఆరు జతలు వస్తాయి, ఒక్కో జతకు రెండేసి వేసుకోవడమే.

ఇక వరసలు. వరసలో ఎన్ని ముక్కలుంటే అన్ని పాయింట్లు. ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది నాలుగు ముక్కల వరస, నాలుగు పాయింట్లు. ఏళ్లు రెండున్నాయి కాబట్టి ఆ వరస రెండుసార్లు వస్తుంది, ఎనిమిది. మొత్తం పదహారు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నాలుగు ముక్కల వరసను లెక్కేశాక అందులోని ఆరు-ఏడు-ఎనిమిది, ఏడు-ఎనిమిది-తొమ్మిది ముక్కలకు మళ్లీ మూడేసి వేసుకుంటారు. అది కుదరదు. పొడవైన వరసనే లెక్కేయాలి, దాని లోపలి చిన్న వరసలను కాదు. పదిహేనుల దగ్గర ఎన్ని దొరికితే అన్ని, వరసల దగ్గర పొడవైనదే. ఈ రెండు నియమాలనూ కలిపేసుకుంటేనే లెక్క తప్పుతుంది.

చేతిలో నాలుగూ ఒకే రంగైతే నాలుగు పాయింట్లు, స్టార్టర్ కూడా అదే రంగైతే ఐదు. స్టార్టర్ రంగులోని జాకీ మీ చేతిలో ఉంటే ఒకటి. క్రిబ్‌లో మాత్రం ఐదూ ఒకే రంగైతేనే రంగు లెక్క. అన్నిటికన్నా పెద్ద చెయ్యి ఇరవై తొమ్మిది: చేతిలో మూడు ఐదులు, ఒక జాకీ, ఆ జాకీ రంగులో స్టార్టర్‌గా నాలుగో ఐదు. ఒక తమాషా ఏమిటంటే పంతొమ్మిది పాయింట్లు ఏ చేతిలోనూ రావు. అందుకే ఏమీ రాని చెయ్యి పట్టినవాడు మొహం నిండా నవ్వుతో "పంతొమ్మిది" అంటాడు, అవతలివాడికి అర్థమవుతుంది.

అయితే ఇదంతా లెక్కేసేది ఆఖర్న. దానికి ముందు అవే నాలుగు ముక్కలతో ఒకరి తర్వాత ఒకరు ముక్క వేస్తూ ఆడాలి. దీన్నే పెగ్గింగ్ అంటారు. వచ్చిన పాయింట్లకు పలక మీద పెగ్గు అప్పటికప్పుడే కదులుతుంది. ఒక్కొక్కరికి రెండు పెగ్గులుంటాయి. వెనకున్న పెగ్గును తీసి ముందున్న దానికి అవతల గుచ్చుతారు, పాత స్థానం అక్కడే కనబడుతూ ఉంటుంది కాబట్టి ఎవరైనా ఎక్కువ జరిపితే దొరికిపోతారు.

పంచనివాడు మొదట వేస్తాడు. వేసిన ముక్కల మొత్తాన్ని పైకి చెబుతూ పోవాలి, ఆ మొత్తం ముప్పై ఒకటి దాటకూడదు. పదిహేనుకు చేర్చినవాడికి రెండు, ముప్పై ఒకటికి సరిగ్గా చేర్చినవాడికి రెండు. ఇప్పుడే పడిన ముక్కలాంటిదే వేస్తే జతకు రెండు. వరసకు ఎన్ని ముక్కలుంటే అన్ని, పైగా ముక్కలు ఏ క్రమంలో పడ్డా ఫరవాలేదు. కాకపోతే మధ్యలో వేరే ముక్క అడ్డురాకూడదు. నాలుగు, ఆరు, ఐదు పడితే వరస. నాలుగు, ఆరు, ఆరు, ఐదు పడితే కాదు, రెండో ఆరు దాన్ని చెడగొట్టేసింది. వేయడానికి వీలైన ముక్క లేనివాడు "గో" అంటాడు. అవతలివాడు వేయగలిగినన్ని వేసి, ఒక పాయింటు తీసుకుంటాడు. ముప్పై ఒకటికే చేరిస్తే ఆ ఒకటి బదులు రెండు. మళ్లీ సున్నా నుంచి మొదలు, ఆఖరు ముక్క వేయని మనిషి ముందు వేస్తాడు. అందరి ముక్కలూ అయిపోయినప్పుడు చివరి ముక్క వేసినవాడికీ ఒకటి.

ఇప్పుడు మన ఆటలోకే వద్దాం. మీ చేతిలో ఆరు, ఏడు, ఏడు, ఎనిమిది. పంచినవాడి చేతిలో నాలుగు, ఐదు, ఆరు, ఇస్పేటు జాకీ ఉన్నాయి. అవి మీకు తెలియవనుకోండి.

మీరు ఏడు వేసి "ఏడు" అన్నారు. అతను ఆరు వేసి "పదమూడు" అన్నాడు. మీ చేతిలోని ఎనిమిది ఊరిస్తోంది. వేశారు, ఇరవై ఒకటి. ఆరు-ఏడు-ఎనిమిది వరస, మూడు పాయింట్లు మీకు. అతను ఐదు వేసి "ఇరవై ఆరు" అన్నాడు. ఇప్పుడు ఐదు-ఆరు-ఏడు-ఎనిమిది, నాలుగు పాయింట్లు అతనికి. మీ దగ్గర ఆరూ ఏడూ మిగిలాయి, ఏది వేసినా ముప్పై ఒకటి దాటుతుంది. "గో" అనక తప్పదు. అతను నాలుగు వేశాడు, ముప్పై. ఇప్పుడది నాలుగు నుంచి ఎనిమిది దాకా ఐదు ముక్కల వరస, ఐదు పాయింట్లు. పైన గో పాయింటు ఒకటి. ఒక్క ఊపులో పది. తర్వాత మీరు ఆరు వేశారు, అతను జాకీ, పదహారు. మీరు ఏడు వేసి చివరి ముక్క పాయింటు తెచ్చుకున్నారు. పెగ్గింగ్‌లో మీకు నాలుగు, అతనికి పది.

అక్కడ ఎనిమిది వేయడం తప్పా అంటే, పూర్తిగా తప్పని నేననను. కాని అతను ఏడు పక్కన ఆరు వేసినప్పుడే అనుమానం రావాలి. వరసకు దారి తెరిచినవాడి దగ్గర దాన్ని పొడిగించే ముక్కా ఉండవచ్చు. ఎనిమిది బదులు మీ ఆరు వేసి ఉంటే పంతొమ్మిదితో జత, రెండు పాయింట్లు వచ్చేవి, వరస అక్కడితో తెగేది. అప్పుడతను ఐదు వేస్తే ఇరవై నాలుగు, మీ రెండో ఏడు ముప్పై ఒకటికి సరిగ్గా సరిపోయేది. ఒక పాయింటు తక్కువకు ఆశపడితే చాలా పాయింట్లు ఆగేవి. అతని దగ్గర ఇంకో ఆరు ఉంటే మటుకు మూడు ఆరులై ఆరు పాయింట్లు పోయేవి, ఆ భయం మాత్రం ఉంది.

ఆట ముగిశాక చేతుల లెక్క. మీకు పదహారు. అతని నాలుగు, ఐదు, ఆరు, జాకీకి స్టార్టర్ తొమ్మిది కలిపితే పదిహేనులు మూడు, అంటే ఆరు. నాలుగు-ఐదు-ఆరు వరసకు మూడు. స్టార్టర్ ఇస్పేటే కాబట్టి జాకీకి ఒకటి. మొత్తం పది. క్రిబ్‌లో అతను వేసిన రాణి, రెండు, మీరు వేసిన రాజు, రెండు. రెండుల జతకు రెండు. మొత్తం మీద మీకు ఇరవై, అతనికి ఇరవై రెండు. మెరుగైన చెయ్యి మీదే, ఈ పంపకంలో ఎక్కువ పాయింట్లు అతనివి.

లెక్కలో మీరేదైనా వదిలేస్తే, ముందే ఒప్పుకున్న పక్షంలో అవతలివాడు "మగిన్స్" అని ఆ పాయింట్లు తనకు వేసుకోవచ్చు. కొత్తవాళ్లతో ఈ నియమం పెట్టుకోకపోవడమే మంచిది. చేతిలో ఉన్నది చదవడం నేర్చుకోకముందే ఆట మీద కసి పుడుతుంది.

లెక్క ఎవరు ముందు చెప్పాలన్నదీ మాములు విషయం కాదు. పంచనివాడిదే మొదటి లెక్క, 121 తగిలిన క్షణాన ఆట ఆగిపోతుంది. ఈ పంపకానికి ముందు మీరు 101 దగ్గరా, అతను 108 దగ్గరా ఉన్నారనుకోండి. పెగ్గింగ్‌తో మీరు 105, అతను 118. మీ పదహారు ముందు లెక్కలోకి వస్తుంది, సరిగ్గా 121. అతని చేతిలో పది పాయింట్లు, క్రిబ్‌లో రెండు ఉన్నా తిప్పి చూపే అవకాశమే లేదు. అదే అతను 111 దగ్గర మొదలుపెట్టి ఉంటే, ఆ నాలుగు వేసి వరసతో 120 చేరి, మీ "గో"కు వచ్చిన ఒక్క పాయింటుతో గెలిచేసేవాడు. మీ పదహారూ ఇంకా చేతిలోనే ఉండేవి.