డోలీ ఎన్ని గళ్లలో ఉంది? ఫోన్‌లో లెక్కేస్తే మూడుసార్లు మూడు జవాబులు!

అనంతగిరి మండలం కొండల మీద ఉన్న ఒక ఊరి కుర్రాళ్లు రోడ్డు కోసం అర్జీ రాసుకుంటున్నారు. అరకు వెళ్లే టూరిస్టులకు బొర్రా గుహలు గుర్తుంటాయి గానీ, ఆ చుట్టుపక్కల కొండల్లో ఇప్పటికీ పేషెంట్‌ని డోలీ కట్టి మోసుకొచ్చే ఊళ్లున్నాయి. 'ఆఖరిసారి ఆస్పత్రికి ఎలా వెళ్లారు?' అని ఇంటింటికీ అడిగి, చెప్పింది చెప్పినట్టు గూగుల్ షీట్స్‌లో టైప్ చేశారు. మొత్తం 42 ఇళ్లు. జవాబులన్నీ C2 నుంచి C43 దాకా ఉన్నాయి. "అన్నా, ఇందులో డోలీ ఎన్ని?" అని షీట్ నాకు పంపారు. వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, కాదనను. కానీ పక్క ఊళ్లవీ వస్తున్నాయన్నారు, అందుకే ఫార్ములా పెట్టా.

```
=COUNTIF(C2:C43,"డోలీ")
```

వచ్చింది 2. అదేంటి, పైనే నాలుగు కనబడుతున్నాయి కదా! విషయం ఏంటంటే, ఇలా రాస్తే గడిలో 'డోలీ' అన్న ఒక్క మాటే ఉండాలి. 'డోలీలో పాడేరు తీసుకెళ్లాం' అని ఉంటే అది లెక్కలోకి రాదు. మాటకు రెండు పక్కలా నక్షత్రం గుర్తు పెట్టాలి.

```
=COUNTIF(C2:C43,"*డోలీ*")
```

నక్షత్రం అంటే 'ఇక్కడ ఏమున్నా సరే, ఏమీ లేకపోయినా సరే' అని. మన తెలుగుకి ఇది భలే పనికొస్తుంది. డోలీలో, డోలీపై, డోలీయే... మాటకి తోక అతుక్కునే భాష కదా, అన్నీ దొరుకుతాయి. ఈసారి 15.

అర్జీలో 15 అని రాసేద్దామనుకుంటుండగా ఒక గడిలో 'డోలి' కనబడింది. గుడి, గుడిదీర్ఘం తేడా అంతే. మనం చదువుతూ పట్టించుకోం, ఫార్ములాకి మాత్రం అవి రెండు వేరు మాటలు. కొందరు ఇంగ్లిష్ అక్షరాల్లో doli అని కొట్టారు. అక్కడ Doli అన్నా doli అన్నా తేడా లేదు, పెద్దక్షరం చిన్నక్షరం ఒకటే. అన్నీ కలిపేద్దాం:

```
=COUNTIF(C2:C43,"*డోలీ*")
+COUNTIF(C2:C43,"*డోలి*")
+COUNTIF(C2:C43,"*doli*")
```

15, 6, 2. కలిపితే 23. అయితే ఒకాయన గడిలో 'డోలి కట్టి, ఆ డోలీలోనే' అని రెండు స్పెల్లింగులూ ఉన్నాయి. ఆ ఇల్లు రెండుసార్లు పడింది. ఒకే స్పెల్లింగ్ పదిసార్లున్నా ఆ గడిని COUNTIF ఒకటిగానే లెక్కేస్తుంది, కానీ ఇక్కడ కూడింది మనమే. సో, 22.

అసలు చిక్కు ఇప్పుడు. 'డోలీ అవసరం పడలేదు, బైక్ మీద వెళ్లాం' అన్న ఇల్లు కూడా ఈ 22లో ఉంది! మాట ఉందా లేదా అన్నదే ఫార్ములా చూస్తుంది, అర్థం చూడదు. అర్జీ చూసే ఆఫీసర్ యథాలాపంగా ఆ గడే చదివారనుకోండి, మిగతా ఇళ్ల మాటా నమ్మరు. అందుకని 'లేదు' ఉన్నవి తీసేద్దామని ఇలా రాశా:

```
=COUNTIF(C2:C43,"*డోలీ*లేదు*")
```

డోలీ తర్వాత ఎక్కడో 'లేదు' వచ్చే గళ్లన్నమాట. 7 వచ్చాయి. 22లోంచి 7 తీసేస్తే 15. అంతేనా? ఎందుకో అనుమానం వచ్చి ఫిల్టర్‌లో Text contains పెట్టి ఆ ఏడూ చదివా. నాలుగు నిజంగానే 'అవసరం పడలేదు' బాపతు. మిగతా మూడు? 'డోలీలోనే మోశాం, అంబులెన్స్ పైదాకా రాలేదు.' 'రాలేదు'లో కూడా 'లేదు' ఉంది మరి! రోడ్డు అందరికన్నా ఎక్కువ కావాల్సిన మూడిళ్లని నా తెలివైన ఫార్ములా కొట్టేయబోయింది. తీయాల్సింది నాలుగే. మిగతా రెండు స్పెల్లింగుల గళ్లలో అలాంటి జవాబులు లేవు. లెక్క 18.

లెక్కలోకి రాని 20 గళ్లు కూడా చదవమని కుర్రాళ్లకి చెప్పా. అరగంటలో ఫోన్ చేశారు. మూడు గళ్లలో 'కర్రకి దుప్పటి కట్టి నలుగురం మోసుకొచ్చాం' అని ఉందట. డోలీ అన్న మాటే లేదు, ఉన్నది మాత్రం డోలీయే. నక్షత్రాలు ఎన్ని పెట్టినా అది దొరకదు.

ఇప్పుడు D కాలమ్‌లో ఒక్కో ఇంటికీ 'అవును', 'కాదు' అని చేత్తో కొట్టారు. పక్క ఊళ్లకి ఈ కాలమ్ ముందే పెట్టి పంపుతున్నారు. దాన్ని లెక్కపెట్టడానికి నక్షత్రం అక్కర్లేదు:

```
=COUNTIF(D2:D43,"అవును")
```

21 వచ్చింది. అర్జీలో '42 ఇళ్లలో 21' అని రాసి, షీట్ ప్రింట్ తీసి వెనకాల పిన్ చేశారు.