అయిదు నిమిషాల పెళ్లి: ఎడిటర్‌కి వెళ్లిన నాలుగు వాక్యాలు

"బాబూ, వీడియో చూశాం, బాగుంది. కాకపోతే పెద్దదైంది, అయిదు నిమిషాలకు తగ్గించండి. కలర్స్ ఇంకాస్త వార్మ్‌గా ఉండాలని పిల్లలు అంటున్నారు. మా ఆవిడ ఏడ్చిన చోటు మాత్రం తియ్యొద్దు."

పెళ్లి వీడియో మొదటి కాపీ చేతికొచ్చాక పెళ్లికూతురి తండ్రి ఎడిటర్‌కి వాట్సాప్‌లో పంపే సందేశం ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఈ నాలుగు వాక్యాల్లో రెండు కోరికలు, ఒక షరతు ఉన్నాయి. రాసినాయన దృష్టిలో ఇది గంట పని. ఎడిటర్‌కి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అతను ఏం చేస్తాడో తెలిస్తే మనం పంపే సందేశం మారుతుంది, మనకొచ్చే వీడియో కూడా మారుతుంది.

ముందు నిడివి సంగతి చూద్దాం. నమూనాకి ఎనిమిది నిమిషాల నలభై సెకన్ల హైలైట్స్ వీడియో ఒకటి తీసుకుందాం. మొదట్లో కల్యాణ మండపం పైనుంచి డ్రోన్ తిరిగే దృశ్యాలు యాభై సెకన్లు. పెళ్లికూతురి ముస్తాబు నిమిషంన్నర. ఆ తర్వాత ఎదురుకోలు, గౌరీపూజ. జీలకర్ర బెల్లం నుంచి మంగళసూత్రం దాకా దాదాపు రెండు నిమిషాలు. ఆపైన తలంబ్రాలు, బంధువులతో ఫొటోలు, చివర్న అప్పగింతలు. దీన్ని అయిదు నిమిషాలకు దించాలంటే మూడు నిమిషాల నలభై సెకన్లు పోవాలి.

కొత్తగా పనిలోకి వచ్చిన ఎడిటర్ ప్రతి షాట్‌కీ ముందు ఒక అర సెకను, వెనక ఒక అర సెకను చెక్కుతాడు. అన్నీ ఉంటాయి, అంతా పొట్టిగా ఉంటుంది కాబట్టి ఎవరినీ నొప్పించని పద్ధతిలా కనిపిస్తుంది. కానీ చూసేవాళ్లకి ఊపిరాడదు. తండ్రి పెట్టిన షరతునే తీసుకోండి. అప్పగింతల్లో తల్లి ముఖం మీద ఆరు సెకన్ల షాట్ ఉంది. మొదటి మూడు సెకన్లూ ఆవిడ నవ్వుతూనే ఉంటుంది, కూతురి కొంగు సర్దుతుంది. నాలుగో సెకనులో కింది పెదవి వణుకుతుంది. అయిదో సెకనులో ముఖం పక్కకి తిప్పేసుకుంటుంది. ఈ షాట్‌ని రెండు సెకన్లకు చెక్కితే ఏడుస్తున్న ముఖం మిగులుతుంది గానీ నవ్వు ఏడుపుగా మారిన ఆ క్షణం మిగలదు. ఆ తండ్రి తియ్యొద్దన్నది ఆ మార్పునే. 'అపోకలిప్స్ నౌ' ఎడిటర్లలో ఒకరైన వాల్టర్ మర్చ్, కట్ ఎక్కడ పడాలో నిర్ణయించడానికి ఆరు కొలతలు చెప్పి, వాటిలో భావానికి 51 శాతం బరువిచ్చాడు. కథ, లయ, మిగతావన్నీ కలిపినా దాని తర్వాతే. పెళ్లి వీడియోకి ఇంతకంటే సరిపోయే లెక్క నాకు తెలియదు.

అందుకని చెయ్యి తిరిగిన ఎడిటర్ అన్ని షాట్లనీ సమానంగా కొయ్యడు. పోవలసినవాటిని నిండుగా తీసేసి, ఉండవలసినవాటిని ముట్టుకోకుండా వదిలేస్తాడు. మన నమూనాలో డ్రోన్ దృశ్యాలు పన్నెండు సెకన్లకు వచ్చేస్తాయి. మండపం ఎక్కడుందో చూపించడానికి అది చాలు. ముస్తాబులో నగలు ఒక్కొక్కటే పెట్టుకునే షాట్లు పదికి పైగా ఉంటాయి. వాటిలో బుట్టాలు పెట్టుకునేదీ, జడ వేయించుకునేదీ ఉంచితే ముప్పై అయిదు సెకన్లలో ఆ ఘట్టం అయిపోతుంది. ఈ రెండు చోట్లే నిమిషంన్నరకు పైగా దొరికింది. బంధువుల ఫొటోల్లో ఇంకో ముప్పై ఏడు సెకన్లు పోతాయి. గొడవ వచ్చేదీ ఇక్కడే, ఎందుకంటే మేనమామ కనబడకపోతే ఇంట్లో మాట పడుతుంది. కానీ హైలైట్స్ వీడియో పక్కన రెండు మూడు గంటల పూర్తి వీడియో ఎలాగూ ఉంటుంది కదా, వరసలన్నిటికీ చోటు అక్కడుంది. మిగిలిన సమయం ఎదురుకోళ్లలో, గౌరీపూజలో, తలంబ్రాల్లో దొరుకుతుంది. అప్పగింతల్లో ఒక్క సెకను కూడా తియ్యనక్కర్లేదు.

ముహూర్తం దగ్గర మాత్రం కత్తెరకి చేతులు కట్టేసినట్టే. అడ్డుతెర, వధూవరుల చేతులు ఒకరి తల మీదికొకరు వెళ్లడం, ఆ వెంటనే గట్టిమేళం. ఈ మూడూ విడదీయడానికి వీల్లేదు. డోలు ఊపందుకున్న చోట బొమ్మ మారితే చూసేవాళ్ల ఒళ్లు పులకరిస్తుంది. అదే మేళాన్ని మధ్యలో కోసి కింద పాట పోస్తే ఆ క్షణం మామూలు షాట్ అయిపోతుంది. పురోహితుడి మంత్రం కూడా అంతే, పదం మధ్యలో తెగితే తెలియని చెవికి కూడా ఎక్కడో తేడా కొడుతుంది. కాబట్టి ఎడిటర్ బొమ్మని ఒకచోట, శబ్దాన్ని ఇంకోచోట కోస్తాడు. మంత్రం దాని మానాన సాగుతుంటుంది, పైన బొమ్మ మారుతుంటుంది.

కింద నడిచే పాటకి ఇంకో చిక్కుంది. నిమిషానికి 96 దెబ్బలు పడే పాట అయితే నాలుగు దెబ్బలకి రెండున్నర సెకన్లు. అందులోంచి ఏ ముక్క తీసినా రెండున్నర లెక్కన తియ్యాలి, లేకపోతే తాళం తప్పుతుంది. సాహిత్యం ఉన్న పాటైతే చరణం సగంలో తెగకుండా కూడా చూసుకోవాలి. "సరిగ్గా అయిదు నిమిషాలు" అని పట్టుబడితే ఎడిటర్ పాటని చంపో, ముహూర్తాన్ని నొక్కో ఆ అంకె తెస్తాడు. "అయిదు నిమిషాలు, పదీ ఇరవై సెకన్లు అటూ ఇటూ" అంటే సరిపోతుంది.

ఇక రంగులు. అసలు పని ఇక్కడుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లన్నిట్లో బొమ్మని నీలం వైపు నుంచి పసుపు వైపు తిప్పే మీట ఒకటి ఉంటుంది. దావించీ రిజాల్వ్‌లో దాని పేరు టెంప్. దాన్ని కుడివైపు జరిపితే వీడియో మొత్తం వెచ్చబడుతుంది, పని అయిపోయినట్టే కనిపిస్తుంది. తెలుగు పెళ్లిలో మాత్రం ఇది వెంటనే బెడిసికొడుతుంది. ఎర్రంచు తెల్ల మధుపర్కాలు పసుపు నీళ్లలో ముంచి తీసినట్టు అవుతాయి. మెడలో పసుపుతాడు బట్టలో కలిసిపోయి కనబడదు. బంగారం ఇత్తడిలా తేలుతుంది. ఒంటికి పసుపు రాసుకున్న పెళ్లికూతురి ముఖం, రాసుకోని పెళ్లికొడుకు ముఖం ఒకే రంగుకి వస్తాయి. మన పెళ్లిలో పసుపు ముందే నిండుగా ఉంది. మొత్తం బొమ్మకి ఇంకాస్త పసుపు కలిపితే ఉన్న పసుపుకి విలువ పోతుంది.

సినిమా వాళ్లు ఈ పాఠం చాలా ముందే నేర్చుకున్నారు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే అమెరికన్ చిత్రాన్ని మిసిసిపీలో పచ్చపచ్చటి వేసవిలో తీశారు. దర్శకులైన కోయెన్ సోదరులకు కావలసింది మాత్రం ఎండిపోయి దుమ్ముకొట్టుకున్న పాతకాలపు వెచ్చదనం. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ల్యాబ్ పద్ధతులతో ప్రయత్నించి చూసి, చివరికి సినిమా మొత్తాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి రంగులు దిద్దించాడు. ఒక పూర్తి నిడివి చిత్రానికి అంతటికీ అలా చేసిన తొలి రోజులవి. అక్కడ ప్రధానంగా మార్చింది ఆకుల పచ్చని. దాన్ని ఎండు గడ్డి రంగుకి తిప్పారు. ముఖాలకి పసుపు పులమకుండానే తెర మొత్తం వెచ్చగా కనిపించింది.

పెళ్లి వీడియో ఎడిటర్ చేతిలో ఇప్పుడు అలాంటి పనిముట్లే ఉన్నాయి. ముఖాల రంగుని మాత్రమే ఎంచుకుని కాస్త వెచ్చబరుస్తాడు, బాగా వెలుతురున్న తెలుపులని తెలుపుగానే ఉంచుతాడు. కంటిని నమ్మకుండా వెక్టర్‌స్కోప్ అనే గుండ్రటి పటం చూసుకుంటాడు. అందులో ఎరుపుకీ పసుపుకీ మధ్య ఒక గీత ఉంటుంది. చామనఛాయ అయినా, నలుపైనా, తెలుపైనా మనిషి చర్మం ఆ గీతకి దగ్గర్లోనే పడుతుంది. తేడా వెలుతురులోనే గానీ రంగు వైపులో పెద్దగా ఉండదు. ముఖం ఆ గీత దాటి పసుపులోకి పోయిందంటే వెచ్చదనం ఎక్కువైనట్టు. అన్నట్టు, వెచ్చదనం పేరుతో ముఖాలని తెల్లబరిచే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది నాకు చాలా బాధ కలిగిస్తుంది. చామనఛాయ పిల్లని ఆమె పెళ్లి వీడియోలోనే వేరే మనిషిని చెయ్యడం అది. అలా చెయ్యొద్దని సందేశంలో ఒక వాక్యం రాస్తే మంచిది.

ఇంట్లోవాళ్లు "వార్మ్ కావాలి" అన్నప్పుడు అన్నిసార్లూ లోపం చల్లదనం కాదు. వీడియో ఒకచోట ఆపి తెల్లగా ఉండాల్సిన దేన్నయినా చూడండి, మధుపర్కం అంచు పక్కనో, తాతగారి జుట్టో. అది నీలంగా కనబడితే నిజంగానే చల్లగా ఉన్నట్టు, టెంప్ మీటతో సరిపోతుంది. ఆకుపచ్చ ఛాయ కొడుతుంటే అది మండపంలో పెట్టిన నాసిరకం ఎల్‌ఈడీ దీపాల పని. దానికి పసుపు కలిపితే పచ్చికామెర్లు వచ్చినట్టుంటుంది. పక్కనున్న టింట్ మీటని మెజెంటా వైపు తిప్పాలి. తెలుపు తెలుపుగానే ఉండి ముఖాలు మాత్రం నీరసంగా ఉంటే లోపం రంగులో లేదు, వెలుతురులో ఉంది. ముఖాలు కాస్త ఎత్తితే చాలు.

నాలుగో రకం ఒకటుంది, దానికి వైద్యం లేదు. రిసెప్షన్ వేదిక మీద ఊదా, నీలం లైట్లు నేరుగా ముఖం మీద కొట్టినప్పుడు కెమెరాలోకి ఎరుపు అనేదే సరిగా చేరదు. లేని ఎరుపుని ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు, బలవంతంగా లాగితే చర్మం మీద మచ్చలు, గరుకు తేలతాయి. అలాంటి షాట్లు వదులుకోవడమో, నలుపు తెలుపులో పెట్టడమో మిగిలిన దారి. దీనికి మందు పెళ్లికి ముందే, లైటింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడే వెయ్యాలి.

చూసే తెరని కూడా అనుమానించాలి. ఫోన్‌లో రాత్రిపూట కళ్లకి హాయిగా ఉండే మోడ్ ఆన్‌లో ఉంటే అంతా పసుపుగా కనిపిస్తుంది. టీవీ కూల్ మోడ్‌లో ఉంటే అదే వీడియో నీలంగా కనిపిస్తుంది. అమెరికాలో ఉన్న కొడుకు ఒక తెర మీద, ఇక్కడ తండ్రి ఇంకో తెర మీద చూసి రెండు రకాలుగా చెబితే ఎడిటర్‌కి ఎవరి మాట వినాలో తెలియదు. ఆ మోడ్‌లన్నీ ఆపి, వాట్సాప్‌లో నలిగిన కాపీ కాకుండా లింక్‌లోని అసలు కాపీ చూసి, ఇంటి తరఫున ఒక్కరే రాయాలి.

ఇవన్నీ కలిపితే ఆ తండ్రి సందేశం ఇలా ఉండొచ్చు: "బాబూ, అయిదు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా తగ్గించండి. ముస్తాబు, డ్రోన్, ఫొటోలు బాగా తగ్గించినా పర్వాలేదు. అప్పగింతల్లో ఏమీ తియ్యొద్దు. ముహూర్తం దగ్గర మేళం తెగకూడదు. 3:25 దగ్గర ముఖాలు పచ్చగా అనిపిస్తున్నాయి, 1:15 దగ్గర ఉన్నట్టు ఉంటే మాకు ఇష్టం. మధుపర్కాలు తెల్లగానే ఉండాలి. అమ్మాయి రంగు మార్చొద్దు. ముందు తగ్గించిన వీడియో పంపండి, అది ఖాయం చేశాక కలర్స్ చెయ్యండి." నచ్చిన రంగుకి ఉదాహరణని సొంత వీడియోలోంచే చూపించడం వల్ల వేరే సినిమా స్టిల్ పంపి అలా చెయ్యమనడం కంటే పని తేలికవుతుంది, ఎందుకంటే ఆ వెలుతురు ఆ మండపంలో నిజంగా ఉంది.

చివరి వాక్యంలోని వరస ముఖ్యం. రంగులు దిద్దడం షాట్‌కి షాట్‌గా జరిగే పని. నిడివి ఖాయం కాకముందే చేస్తే, తర్వాత పోయే షాట్ల మీద గంటలు ఖర్చవుతాయి, కొత్తగా వచ్చే షాట్లు పక్కవాటితో కలవవు. మార్పులు ఎన్నిసార్లు చేసిపెడతారో, ఎప్పటిలోగా చెప్పాలో అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే అడిగి ఉంచుకోవాలి. చాలా స్టూడియోల్లో తర్వాతి ముహూర్తాలు మొదలవగానే పాత పెళ్లి ఫుటేజ్ తీసేసి హార్డ్‌డిస్క్ ఖాళీ చేస్తారు. ఆ తర్వాత తీసేసిన షాట్ మళ్లీ కావాలన్నా దొరకదు.