బొమ్మ మీద ఒక మాట, కింద ఇంకో మాట

వేసవి వచ్చిందంటే యూట్యూబ్ నిండా ఆవకాయ వీడియోలే. ఫోన్ తెరిచి ఆ వరుసను ఒకసారి పైనుంచి కిందికి చూడండి. బొమ్మలో ఆవకాయ జాడీ ఉంటుంది. జాడీ పక్కన పసుపు రంగు పెద్ద అక్షరాల్లో ‘ఆవకాయ బూజు పట్టకుండా ఏడాది నిలవ’ అని ఉంటుంది. దాని కింద టైటిల్‌లో మళ్లీ ‘ఆవకాయ బూజు పట్టకుండా ఏడాది నిలవ ఉండాలంటే’ అనే ఉంటుంది. ఆవకాయ అన్న సంగతి బొమ్మ ఒకసారి, బొమ్మ మీది అక్షరాలు ఒకసారి, టైటిల్ ఒకసారి, మొత్తం మూడుసార్లు చెప్పాయి. ఈ వీడియోలో కొత్తగా ఏముందో మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు.

సొంతంగా ఛానల్ నడిపేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇది. వంట బాగా వచ్చు, వీడియో బాగా తీస్తారు, చివర్లో థంబ్‌నెయిల్ చేసేటప్పుడు టైటిల్‌నే తీసుకెళ్లి బొమ్మ మీద అతికిస్తారు. పెద్ద అక్షరాల్లో ఉంటే అందరికీ కనిపిస్తుంది కదా అనుకుంటారు. కానీ చూసేవాళ్ల కన్ను ముందు బొమ్మ మీద పడుతుంది, ఆ తర్వాతే టైటిల్‌కు దిగుతుంది. దిగాక అక్కడ కొత్త సంగతి లేకపోతే వేలు తెరను పైకి తోసేస్తుంది.

వీడియో తెరవకముందు చూసేవాళ్లతో మాట్లాడటానికి మన చేతిలో ఉన్నవి మూడే: బొమ్మ, బొమ్మ మీది అక్షరాలు, టైటిల్. ఒకటి చెప్పింది ఇంకొకటి చెప్పకుండా మూడింటికీ పని పంచాలి. ఎవరి పని ఏదో తెలియాలంటే, ఏది ఎక్కడ కనిపిస్తుందో ముందు చూడాలి.

టైటిల్ చాలాచోట్ల ఒంటరిగా తిరుగుతుంది. సబ్‌స్క్రైబర్లకు వెళ్లే నోటిఫికేషన్‌లో చదివేది దాన్నే. సెర్చ్‌లో వెతికినప్పుడు వీడియో దొరకడానికి ఆధారపడదగింది టైటిల్‌లోని మాటలే తప్ప బొమ్మ మీద రాసినవి కావు. కంటిచూపు లేనివాళ్లకు ఫోన్ చదివి వినిపించేది కూడా టైటిల్‌నే. అందుకే టైటిల్ తనంతట తాను పూర్తిగా అర్థం కావాలి. విషయం పేరు, సమస్య, జనం వెతికే మాటలు అన్నీ అందులో ఉండాలి.

థంబ్‌నెయిల్ అలా కాదు. జనం వీడియోలు ఎంచుకునే చోట్ల దాని పక్కనో కిందనో టైటిల్ తోడుంటుంది. కాబట్టి బొమ్మ మీది మాట ఒంటరిగా అర్థం కాకపోయినా నష్టం లేదు. టైటిల్‌తో కలిపి చదివినప్పుడు పూర్తయితే చాలు. ఈ సౌకర్యాన్ని వాడుకున్నప్పుడే ఆ రెండు మూడు మాటలకు బలం వస్తుంది.

ఆవకాయ వీడియోనే తీసుకుని పని పంచి చూద్దాం. వీడియోలో అసలు చెప్పేదేమిటి? ఆవకాయకు బూజు పట్టడానికి ముఖ్య కారణం తడి. కాయలు కడిగి సరిగా తుడవకపోయినా, ముక్క కొట్టాక గుడ్డతో అద్దకపోయినా, టెంక పెంకును అంటుకుని చెమ్మ మిగిలిపోతుంది. ఉప్పు తగ్గినా, ముక్క మునిగేలా నూనె తేలకపోయినా ఆ చెమ్మ దగ్గరే బూజు మొదలవుతుంది. వీడియోకు ప్రాణం జాడీ కాదు, ఆ చెమ్మ.

టైటిల్‌కు సమస్య అప్పజెబుదాం: ‘ఆవకాయకు బూజు ఎందుకు పడుతుంది? ఏడాది నిలవ ఉండే పద్ధతి’. ఇక బొమ్మలో జాడీ అక్కర్లేదు, ఎందుకంటే ఆవకాయ పేరు కిందే ఉంది. అప్పుడే కొట్టిన ఒక మామిడి ముక్కను దగ్గరగా ఫొటో తీద్దాం. టెంక అంచున మెరుస్తున్న ఒక నీటి చుక్క, దాని వైపు ఒక బాణం గుర్తు. బొమ్మ మీద రెండే మాటలు: ‘ఈ చుక్కే!’

‘ఈ చుక్కే’ అన్నది విడిగా చదివితే ఏమీ తెలియదు. బొమ్మ చూస్తే ఏ చుక్కో తెలుస్తుంది. టైటిల్ చదివితే ఆ చుక్క ఏం చేసిందో తెలుస్తుంది. మూడూ కలిశాక ఒక వాక్యం పూర్తయింది, ఒక్క మాట కూడా రెండోసారి రాలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, పోయినేడు పచ్చడి పారబోసుకున్న ఇల్లాలికి తన ఇంట్లో జరిగింది ఇదేనా అన్న అనుమానం కలుగుతుంది. ఆ అనుమానమే వీడియో తెరిపిస్తుంది.

ఇక్కడ రెండు పక్కదారులు ఉన్నాయి. మొదటిది, మాటలు మార్చి అదే సంగతి చెప్పడం. టైటిల్‌లో ‘ఏడాది నిలవ’ ఉందని బొమ్మ మీద ‘పాడవ్వని పచ్చడి’ అని రాస్తే, పైకి మాట వేరు కానీ కబురు అదే. మాటలు పోల్చి చూసుకుంటే సరిపోదు. టైటిల్ తెలిసిన మనిషికి బొమ్మ ఇంకేం చెబుతోంది అని అడగాలి. జవాబు లేకపోతే అది కూడా పునరుక్తే.

రెండోది, ఏ సంగతీ లేని మాట పెట్టడం. ‘చూస్తే షాక్ అవుతారు’, ‘ఇది తెలుసా?’ లాంటివి టైటిల్‌లోని మాటలను తిరిగి చెప్పవు, నిజమే. కానీ ఏ వీడియో మీద అతికించినా సరిపోతాయి కాబట్టి ఈ వీడియో గురించి ఏమీ చెప్పవు. ఇక బొమ్మ ఒకటి చెప్పి వీడియోలో ఇంకొకటి ఉంటే అది మోసమే. టైటిల్‌లో, థంబ్‌నెయిల్‌లో ఆశ పెట్టింది వీడియోలో లేకపోతే, ముఖ్యంగా తాజా వార్తల విషయంలో, అలాంటి వీడియోలపై మన దేశంలో చర్యలు గట్టి చేస్తామని యూట్యూబ్ 2024 డిసెంబరులో ప్రకటించింది కూడా.

అలాగని ఒకే మాట రెండుచోట్ల రానే కూడదని పట్టుబట్టక్కర్లేదు. ‘పచ్చళ్లకు వేరుశనగ నూనె మంచిదా, నువ్వుల నూనె మంచిదా?’ అన్నది టైటిల్ అనుకోండి. బొమ్మలో రెండు సీసాలు. ఫొటోలో రెండు నూనెలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఏది ఏదో తెలియాలంటే సీసాల మీద ‘వేరుశనగ’, ‘నువ్వులు’ అని రాయక తప్పదు. ఇక్కడ ఆ మాటలు టైటిల్‌ను తిరిగి చెప్పడం లేదు, బొమ్మలోని వస్తువును గుర్తుపట్టిస్తున్నాయి. బొమ్మ తనంతట తాను చెప్పలేనిది చెప్పడానికి వచ్చిన మాట పునరుక్తి కాదు.

తెలుగులో చేసేవాళ్లకు ఈ పొదుపు మరీ అవసరం. మన అక్షరాలకు పైన తలకట్లు, గుడులు, కింద వత్తులు ఉంటాయి. వరుసల మధ్య చోటు వదలకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. 1280×720 పిక్సెళ్ల బొమ్మను కంప్యూటర్‌లో చేస్తున్నప్పుడు అన్నీ చక్కగా కనిపిస్తాయి. అదే బొమ్మ ఫోన్‌లో చిన్నదై పక్క వరుసలోకి వెళ్లేసరికి ‘ద్ధ’కూ ‘ద్ద’కూ తేడా తెలియదు. ఎనిమిది మాటలు పెడితే ఒక్కటీ చదవలేం. రెండు మాటలే పెడితే అక్షరం పెద్దది చేసుకోవచ్చు. కుడి కింది మూలలో మాత్రం ఏమీ రాయకండి. వీడియో ఎన్ని నిమిషాలో చూపే నల్ల డబ్బా అక్కడే కూర్చుంటుంది.

టైటిల్‌కూ హద్దు ఉంది. 100 క్యారెక్టర్లకు మించి యూట్యూబ్ ఒప్పుకోదు. తెలుగులో గుడులూ పొల్లులూ విడివిడిగా లెక్కకు వస్తాయి. ‘పద్ధతి’ మన కంటికి మూడక్షరాలు, ఆ లెక్కలో ఆరు. పైన రాసుకున్న ఆవకాయ టైటిల్ 52 అవుతుంది. తెలుగు మాటలను ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి వెతికేవాళ్ల కోసం చివర ` | Avakaya Pachadi in Telugu` అని చేర్చినా 80కి చేరుతుంది, ఇంకా చోటుంది. అయితే ఫోన్‌లో పొడుగు టైటిల్ చివర తెగిపోతుంది కాబట్టి అసలు సంగతి ముందుండాలి, ఈ తోక చివర ఉండాలి. తోకలోని మాటలను బొమ్మ మీదికి తేవాల్సిన పని లేదు. అవి సెర్చ్ కోసం పెట్టినవి.

పని పంపకం కుదిరిందో లేదో యూట్యూబ్ స్టూడియోలో కొంత తెలుస్తుంది. థంబ్‌నెయిల్ కనీసం సగం మేర, ఒక సెకను కంటే ఎక్కువ తెరమీద ఉంటే దాన్ని ఒక ఇంప్రెషన్‌గా లెక్కిస్తారు. అలా కనిపించిన ప్రతి వందసార్లకూ ఎన్నిసార్లు నొక్కారన్నది సీటీఆర్. సగం ఛానళ్లకూ వీడియోలకూ అది 2 నుంచి 10 శాతం మధ్య ఉంటుందని యూట్యూబే చెబుతుంది. అయితే ఈ అంకెను ఒక్కదాన్నే పట్టుకుంటే దారి తప్పుతాం. వీడియో మన సబ్‌స్క్రైబర్లను దాటి, మనం ఎవరో తెలియని వాళ్లకు కనిపించడం మొదలుపెడితే సీటీఆర్ మామూలుగానే తగ్గుతుంది. అది బొమ్మ తప్పు కాదు.

ఇంకా నమ్మదగిన గుర్తు సీటీఆర్‌నూ, వీడియోలో జనం ఎంతసేపు ఉన్నారో చూపే గీతనూ పక్కపక్కన పెట్టుకోవడం. నొక్కినవాళ్లు బాగానే ఉండి, మొదటి అర నిమిషంలో గీత నిటారుగా పడిపోతే, బయట ఆశ పెట్టింది లోపల వెంటనే కనిపించలేదని అర్థం. ‘ఈ చుక్కే!’ అని పిలిచి, నాలుగు నిమిషాలు మామిడికాయల బేరం చూపిస్తే జరిగేది అదే. ఆ చుక్కను మొదట్లోనే చూపించాలి. దానికి భిన్నంగా, నొక్కేవాళ్లే తక్కువగా ఉండి, వచ్చినవాళ్లు చివరిదాకా ఉంటుంటే వీడియో బాగుంది, పిలుపు బాగాలేదు. అప్పుడు థంబ్‌నెయిల్ మార్చి చూడొచ్చు.

మార్చి చూడటానికి స్టూడియోలో ఒక వీడియోకు మూడు థంబ్‌నెయిళ్ల దాకా పెట్టి పోల్చే ఏర్పాటు ఉంది. అది గెలిచిన బొమ్మను నొక్కుళ్లతో కాకుండా, జనం చూసిన సమయంతో తేలుస్తుంది. టైటిల్‌ను కదపకుండా, ఒక బొమ్మ మీద టైటిల్ మాటలే, ఒకదాని మీద ‘ఈ చుక్కే!’, మూడోదాని మీద అసలు అక్షరాలే లేకుండా పెట్టి చూడండి. మిగతాదంతా ఒకటే కాబట్టి, తేడా వస్తే అది బొమ్మ మీది మాట వల్ల వచ్చిందే. చూసేవాళ్లు తక్కువైతే ఫలితం తేలకపోవచ్చు. అప్పుడు చేతితో చేసే పరీక్ష ఉంది. థంబ్‌నెయిల్‌ను ఫోన్‌లో చిన్నదిగా పెట్టి, టైటిల్‌ను వేలితో మూసి, ఇంట్లో ఎవరికైనా చూపించి ఏం అర్థమైందో అడగండి. తర్వాత వేలు తీసి, ఇప్పుడు కొత్తగా ఏం తెలిసిందో అడగండి. ‘అదే కదా’ అన్నారంటే రెండూ ఒకటే చెబుతున్నాయి.

ఇదంతా వీడియో ఎడిటింగ్ అయ్యాక కూర్చుని చేస్తే సగమే కుదురుతుంది. ముక్కమీది నీటి చుక్క పచ్చడి కలిపేశాక దొరకదు. తీసిన వీడియోలో వెతికితే జాడీ ఉంటుంది, నవ్వుతున్న మొహం ఉంటుంది, చుక్క ఉండదు. అప్పుడు బొమ్మ చెప్పలేనిదాన్ని అక్షరాలతో చెప్పాల్సి వస్తుంది, అక్షరాలకు టైటిల్ మాటలే అరువు తెచ్చుకోవాల్సి వస్తుంది. కాబట్టి కెమెరా ఆన్ చేయకముందే ఒక కాగితం మీద టైటిల్ రాసుకోండి. దాని కింద, అందులో లేని సంగతి ఒకటి, దాన్ని చూపించే ఫొటో ఒకటి రాసుకోండి. కాయలు కోసే రోజు మొదట తీయాల్సింది ఆ ఫొటోనే.