నిశ్శబ్దం కూడా హైలైటే

2023 నవంబరు 19, అహ్మదాబాద్. ప్రపంచకప్ ఫైనల్‌లో 54 పరుగుల దగ్గర విరాట్ కోహ్లీ, ప్యాట్ కమిన్స్ బంతిని తన వికెట్ల మీదకే ఆడుకున్నాడు. తొంభై వేల మందికి పైగా నిండిన స్టేడియం ఒక్కసారిగా మూగబోయింది. జనం కేకల్ని బట్టి హైలైట్లు ఏరే సాఫ్ట్‌వేర్, హోరు పెరిగిన చోట్లనే వెతికితే ఆ వికెట్ దాని కంటపడదు.

అందుకే శబ్దం పెరగడంతో పాటు తగ్గడాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ప్రతి సెకనుకూ శబ్దతీవ్రతను కొలిచి, అంతకుముందు రెండు నిమిషాల సగటుతో పోల్చి చూస్తే, ఎటువైపు పెద్ద తేడా వచ్చినా అక్కడొక గుర్తు పెట్టుకోవచ్చు. అయితే టీవీ ప్రసారంలో వ్యాఖ్యాతల గొంతు కలిసిపోతుంది. జనం ఊరుకున్నా వాళ్లు ఊరుకోరు. స్టేడియం మైకుల శబ్దం విడిగా దొరికితేనే ఆ నిశ్శబ్దం స్పష్టంగా పట్టుబడుతుంది. ఐపీఎల్‌లో ఓవర్ల మధ్య డీజే పాట మోగినా గ్రాఫ్ పైకి లేస్తుంది, ఆటలో ఏమీ జరగకపోయినా.

ఈ తికమకను విప్పేది లైవ్ చాట్.

ఉదాహరణకు, మామూలుగా ఐదు సెకన్లకు 40 సందేశాలు వచ్చే చాట్‌లో వికెట్ పడగానే 200 వచ్చాయనుకుందాం. అంటే ఐదు రెట్లు. డీజే పాటకు ఆ ఉప్పెన రాదు. కానీ ఇంటర్నెట్ ప్రసారం మైదానం కంటే వెనకబడి నడుస్తుంది, పైగా ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా. టైప్ చేయడానికీ కొన్ని సెకన్లు పడుతుంది. కాబట్టి చాట్ గ్రాఫ్‌ను కొద్దికొద్దిగా వెనక్కి జరుపుతూ, శబ్దం గ్రాఫ్‌తో ఎక్కడ బాగా కుదురుతుందో చూస్తారు. ఉదాహరణకు 30 సెకన్ల దగ్గర కుదిరితే, చాట్ మొత్తాన్నీ అంత వెనక్కి జరుపుతారు. ఈ సవరణ చేయకపోతే క్లిప్‌లో వికెట్ ఉండదు, పెవిలియన్‌కు నడిచిపోతున్న బ్యాటరే ఉంటాడు.

చాట్ కూడా మోసం చేయగలదు. బహుమతి ప్రకటించినా, గొడవ రేగినా సందేశాలు పొంగుతాయి. స్టేడియమే లేని గేమింగ్ స్ట్రీముల్లో ఆడేవారి అరుపు జనం కేకకు బదులుగా పనికొస్తుంది. వారు గెలిచినప్పుడే కాదు, కబుర్లలో పడి నవ్వినా అరుస్తారు.

మూడో సాక్ష్యం తీరిగ్గా వస్తుంది. యూట్యూబ్‌లో వీడియో కింద జరిపే గీత మీద, ఎక్కువమంది మళ్లీ చూసిన చోట ఒక మూపురం కనిపిస్తుంది. చూసేవాళ్లు వికెట్ కోసం వెతుకుతూ దానికి కాస్త ముందే ఆగుతారు కాబట్టి, ఆ మూపురం బంతి కంటే ముందే మొదలవుతుంది. క్లిప్‌ను ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడానికి అది బాగా అక్కరకొస్తుంది. కాకపోతే వీడియో ఆరంభంలో ఎప్పుడూ ఒక ఉబ్బు ఉంటుంది, దాన్ని తీసేయాలి. మ్యాచ్ నడుస్తుండగా ఈ లెక్క చేతికందదు కూడా. అప్పటికప్పుడు క్లిప్ కావాలంటే శబ్దం, చాట్ రెండూ ఒప్పుకున్న చోట కోస్తారు. రాత్రికి తయారయ్యే అరగంట ప్యాకేజీకి మూడింటిలో రెండు కలిసినా చాలు. కోహ్లీ వికెట్‌కు కేక తోడు రాకపోయినా, చాట్, రీప్లేలు కలిస్తే ఆ బంతి ప్యాకేజీలోకి చేరుతుంది, కమిన్స్ రనప్ నుంచీ.