రీల్‌కి ఎంత తీసుకుంటావమ్మా?

విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఒక చీరల కొట్టు ఉందనుకుందాం. ఇన్‌స్టాగ్రామ్ పేజీ నడిపిపెట్టమని యజమాని ఒక అమ్మాయిని పిలిచాడు. ఆమె ఏ కంపెనీలోనూ ఉద్యోగి కాదు, ఇంటి నుంచే నలుగురైదుగురు వ్యాపారుల పేజీలు చూసుకునే ఫ్రీలాన్సర్. కుర్చీ చూపించి, టీ తెప్పించి ఆయన అడిగే మొదటి ప్రశ్న ఇది: "రీల్‌కి ఎంత తీసుకుంటావమ్మా?"

ఈ ప్రశ్నకి అక్కడికక్కడే ఒక అంకె చెప్పేసిన వాళ్లు చాలావరకు మూడో నెలకల్లా బాధపడతారు. రీల్ అంటే ఒకటిన్నర నిమిషం వీడియో అని ఆయన లెక్క. దాని వెనక చీరల ఎంపిక, షూటింగ్, ఎడిటింగ్, నాలుగు మాటల వివరణ, ఆ తర్వాత వచ్చే "ధర ఎంత?" అనే మెసేజీలు అన్నీ ఉంటాయి. ఆమె ధర చెప్పింది వీడియోకి, చేయబోయేది పేజీ చాకిరీ అంతా.

అందుకే ధర లెక్క కొట్టు నుంచి కాకుండా ఆమె ఇంటి నుంచి మొదలవ్వాలి. ఇంటికి నెలకి 40 వేలు కావాలి. ఇంటర్నెట్, ఎడిటింగ్ యాప్‌ల చందాలు, ఆటో ఖర్చులు, రెండు మూడేళ్లకోసారి మార్చాల్సిన ఫోన్ కలిపి 8 వేలు. జ్వరమొచ్చి పడుకున్న రోజులకీ, పని దొరకని నెలలకీ, పన్నుకీ పక్కన పెట్టాల్సింది 12 వేలు. మొత్తం 60 వేలు. నెలకి 25 రోజులు, రోజుకి 8 గంటలు అంటే 200 గంటలు. 60 వేలని 200తో భాగిస్తే గంటకి 300 రూపాయలు వస్తుంది.

తప్పు జరిగేది ఇక్కడే. ఆ 200 గంటలకీ ఎవరూ డబ్బివ్వరు. కొత్త కొట్లు వెతకడం, కొటేషన్ రాయడం, బాకీ కోసం ఫోన్లు చేయడం, ఇన్‌స్టాగ్రామ్‌లో ఏం మారిందో నేర్చుకోవడం, వీటికి చాలా సమయం పోతుంది. డబ్బు వచ్చే గంటలు 120 మిగిలితే గొప్ప. 60 వేలని 120తో భాగిస్తే గంటకి 500. ఈ 300కీ 500కీ మధ్య తేడా తెలియక, రాత్రి పన్నెండింటి దాకా పనిచేస్తూ కూడా నెలాఖరుకి చేతులు ఖాళీ చేసుకునే వాళ్లు ఈ పనిలో ఎందరో.

అయితే ఈ గంట ధర ఆమె తన కోసం రాసుకోవాల్సినది. కొట్టు యజమానికి చెప్పే ధరగా అది అంత మంచిది కాదు. మొదటి ఏడాది ఒక రీల్ ఎడిటింగ్‌కి మూడు గంటలు పట్టిందనుకుంటే 1,500 వస్తుంది. చేయి తిరిగాక అదే పని గంటన్నరలో అయిపోతుంది, అప్పుడు వచ్చేది 750. పనితనం పెరిగే కొద్దీ రాబడి తగ్గడం అన్యాయం. అవతల యజమానికి కూడా ఈసారి బిల్లు ఎంతొస్తుందో అన్న బెంగ తీరదు. కొత్త పేజీ పెట్టివ్వడం, వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగ్ ఎక్కించడం లాంటి ఒకసారితో తీరిపోయే పనులకి గంట లెక్క బాగుంటుంది. రోజూ సాగే పనికి నెల జీతంలాంటి ఒప్పందమే నయం. ఈ రంగంలో దాన్ని రిటైనర్ అంటారు.

చీరల కొట్టుకి ఆ లెక్క ఇలా కడదాం. నెలకి ఎనిమిది రీల్స్, ఎనిమిది ఫోటో పోస్టులు, ఇరవై స్టోరీలు. షూటింగ్‌కి రెండు పూటలు, రానూపోనూ కలిపి 10 గంటలు. రీల్స్ ఎడిటింగ్ 12 గంటలు, ఫోటో పోస్టులు 6, స్టోరీలు 4. నెల ప్రణాళిక, యజమానితో మాటలు, నెలాఖరు రిపోర్టు కలిపి 5. ఇక మెసేజీలకి జవాబులు రోజుకి అరగంట చొప్పున 26 రోజులకి 13 గంటలు. అన్నీ కలిపితే 50 గంటలు.

ఆ 13 గంటలని ఒకసారి నిదానంగా చూడాలి. మొత్తం పనిలో నాలుగో వంతుకి పైగా జవాబులకే పోతోంది. రీల్స్ ఎడిటింగ్ కంటే అదే ఎక్కువ. అయినా కొటేషన్లలో "కస్టమర్ మెసేజీలకి సమాధానం" అన్న మాట తరచూ ఉచితంగా చేర్చే చిన్న సాయంలా చివరి వరసలో కనిపిస్తుంది.

50 గంటలకి గంటకి 500 చొప్పున 25 వేలు. మార్పులు చేర్పులకి 3 వేలు కలుపుకుని ఆమె 28 వేలు చెప్పింది. యజమాని తల అడ్డంగా ఊపి, "ఇరవై చేసుకోమ్మా" అన్నాడు. బేరం మన బజారు సంప్రదాయం, అందులో తప్పేమీ లేదు. కానీ ఇక్కడ ఆమె ధర తగ్గించకూడదు, పని తగ్గించాలి. "మెసేజీలకి జవాబులు మీ కౌంటర్లో కూర్చునే అమ్మాయి చూసుకుంటే 6,500 తగ్గుతుందండీ. రీల్స్ ఎనిమిది బదులు ఆరు చేద్దాం, ఇంకో 1,500 పోతుంది." సరిగ్గా 20 వేలకి వచ్చి ఆగింది. యజమానికి తన మాట నెగ్గింది, ఆమె గంట ధర చెక్కుచెదరలేదు. పని అలాగే ఉంచి ధర మాత్రం 20 వేలకి దించి ఉంటే, మొదట చెప్పిన 28 వేలు అబద్ధపు ధర అని ఆమే ఒప్పుకున్నట్టయ్యేది. ఏడాది తిరిగాక పెంచమని అడిగే నోరు కూడా ఉండేది కాదు.

ఒప్పందం కాగితం ఒక పేజీ చాలు. ఏమేం చేస్తారో, ఎన్నో అంకెల్లో ఉండాలి. ఒక్కో వీడియోకి రెండుసార్లే మార్పులని ఉండాలి. డబ్బు నెల మొదట్లో, అయిదో తారీఖులోపు రావాలి. ఎవరు మానుకోవాలన్నా నెల రోజుల ముందు చెప్పాలి. చీరల కొట్టుకి ప్రత్యేకంగా ఇంకో వాక్యం అవసరం. చేనేత చీర చాలాసార్లు ఒక్కటే పీసు ఉంటుంది. రీల్ పెట్టేలోపు అది అమ్ముడుపోతుంది, "ఆ వీడియో వద్దులేమ్మా, ఇంకోటి తియ్యి" అంటారు. కాబట్టి తీసి ఎడిట్ చేసిన వీడియో వాడినా వాడకపోయినా లెక్కలోకే వస్తుందని రాసుకోవాలి. ఈ వాక్యం ఉంటే, రీల్ బయటికి వచ్చేదాకా చీరని పక్కన దాచడం యజమానికి తనంతట తానే అలవాటవుతుంది.

ప్రకటనల డబ్బు వేరే సంగతి. నెలకి 10 వేలు ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలకి పెడదామని యజమాని అంటే, ఆ డబ్బు ఆయన కార్డు నుంచే నేరుగా పోవాలి. దాని మీద పడే 18 శాతం జీఎస్టీతో ఖర్చు 11,800 అవుతుందని ముందే చెప్పాలి. ఆ మొత్తం ఆమె ఖాతాలోంచి తిరిగితే, తనది కాని డబ్బు తన టర్నోవర్‌లా కనబడి, సేవలకి జీఎస్టీ నమోదు తప్పనిసరి చేసే ఏడాదికి 20 లక్షల హద్దు దగ్గరవుతుంది. ప్రకటనలు నడిపినందుకు ఖర్చులో 15 శాతం తీసుకుందామంటే 10 వేలకి వచ్చేది 1,500, అంటే మూడు గంటల కూలి. ప్రకటనల పనికి నెలలో ఆరు గంటలైనా పడుతుంది. కనుక "15 శాతం లేదా 3 వేలు, ఏది ఎక్కువైతే అది" అని పెట్టుకోవడం సబబు.

ఇక అసలు చిక్కు. "నీ జీతం తగ్గించుకో, అమ్మకాల మీద వాటా ఇస్తా" అని యజమాని అన్నాడనుకుందాం. ఉత్సాహంగా ఒప్పుకునే వాళ్లుంటారు గానీ, కొట్లో అమ్మకం ఆమె చేతిలో లేదు. రీల్ చూసి వచ్చిన మనిషికి సేల్స్‌మన్ సరిగ్గా చీర విప్పి చూపించకపోతే అమ్మకం పోతుంది. చూసి వచ్చిందో, దారినపోతూ వచ్చిందో తేల్చేదెవరు? అందుకని ప్రతిఫలం నెల జీతానికి పైన ఉండాలి, దానికి బదులుగా కాదు. పైగా ఆమె పని ఎంతవరకు తీసుకురాగలదో అంతవరకే కొలవాలి. ఈ కొట్టు విషయంలో అది వాట్సాప్‌కి వచ్చే విచారణ. పేజీలోని లింకు నుంచో, ప్రకటన నుంచో వచ్చి, ధరో రంగో అడ్రసో అడిగిన ప్రతి నంబరుకీ వాట్సాప్ బిజినెస్‌లో ఒక లేబుల్ తగిలించవచ్చు. ఉత్త "హాయ్" లెక్కలోకి రాదు. లెక్క తేల్చే రోజు ఇద్దరూ ఒకే ఫోన్ ముందు కూర్చుంటే తగవే ఉండదు.

దేనితో పోల్చి ఎక్కువ అంటారన్నది ఇంకా మెలిక. ముందు మూడు నెలల సగటుతో పోలిస్తే శ్రావణంలో ఆమె ఏమీ చేయకపోయినా విచారణలు రెట్టింపవుతాయి. వరలక్ష్మీ వ్రతం తెచ్చిన గిరాకీకి యజమాని బోనస్ కడతాడు, మరుసటి ఏడు ఒప్పందమే వద్దంటాడు. పోనీ పోయినేడు జులైతో ఈ ఏడు జులై పోలుద్దామంటే అదీ కుదరదు. 2025లో శ్రావణం జులై 25న మొదలైంది. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో ఆగస్టు 13కి జరిగింది. 2025 జులై చివరి వారం శ్రావణ గిరాకీ, 2026లో అదే వారం ఆషాఢం. పల్లెనుంచి వచ్చే కస్టమరు క్యాలెండర్ చూసి కాదు, పంచాంగం చూసి చీర కొంటుంది. బోనస్ లెక్క కూడా శ్రావణానికి శ్రావణంతోనే కట్టాలి.

శ్రావణానికి ముందు పది రోజులు, శ్రావణమంతా కలిపి కిందటేడు 180 విచారణలు వచ్చాయి, ఈసారి 260 అనుకుందాం. పెరిగిన 80కి, ఒక్కోదానికి 50 చొప్పున 4 వేలు. ఎంత పెరిగినా బోనస్ 6 వేలు దాటకూడదని హద్దు పెడితే యజమాని గుండె నిబ్బరంగా ఉంటుంది. ఆయన మధ్యలో ప్రకటనల ఖర్చు సగానికి కోస్తే ఆ పోలిక చెల్లదని కూడా రాసుకోవాలి. కిందటేటి చాట్‌లు ఫోన్‌లో లేకపోతే మొదటి ఏడాది బోనస్ ఊసే ఎత్తకుండా, లెక్క మాత్రం రాసి పెట్టుకోవడం మేలు.

ఆ నెల ఆమె బిల్లు ఇలా ఉంటుంది: నెల ఒప్పందం 20 వేలు, ప్రకటనల పని 3 వేలు, శ్రావణం బోనస్ 4 వేలు, మొత్తం 27 వేలు. జీఎస్టీ నమోదు లేదు కాబట్టి బిల్లులో ఆ పన్ను వేయకూడదు. డబ్బు ఆలస్యమవుతుందన్న భయం ఉంటే ఉద్యమ్ పోర్టల్‌లో ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం అలాంటి వారికి, ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, 45 రోజులు మించకుండా చెల్లించాలి.

ఒప్పందం నెల లెక్కనే అయినా గంటలు రాసుకోవడం ఆపకూడదు. 20 వేల ఒప్పందంలో 34 గంటలు అనుకున్న పని మూడో నెలలో 46 గంటలకి చేరిందని ఆమె పుస్తకంలో తేలిందనుకుందాం. అంటే గంటకి 435 రూపాయలు, తన కనీస ధర కంటే తక్కువ. ఆ 12 గంటలు ఎక్కడికి పోయాయో కూడా పుస్తకమే చెబుతుంది: "రేపటికి ఒక్క పోస్టర్ పెట్టేయమ్మా" అన్నవి ఏడు, మూడోసారి నాలుగోసారి మార్పులు, కౌంటర్ అమ్మాయి సెలవు పెట్టిన రోజుల్లో రాసిన జవాబులు. ఆ పేజీని యజమాని ముందు పెట్టి, వచ్చే నెల నుంచి అదనపు పోస్టర్‌కి 500 అని ఆమె చెప్పింది. ఆయన కాసేపు చూసి, అందులో నాలుగు పోస్టర్లు తనకి అసలు అక్కర్లేదని కొట్టేశాడు. మిగతా మూడింటికి ఒప్పుకున్నాడు.