రాత్రి ప్రయాణంలో కాంతివలయాలు: శుక్లమా, పొడికన్నా, అద్దాల లోపమా?

ఎదుటి వాహనాల దీపాల చుట్టూ వలయాలు కనబడుతున్నాయని నడివయస్కులు చెప్పినప్పుడు మొదట అక్షరాల పట్టిక చదివిస్తారు. కంటిలోనికి నేరుగా తీవ్రమైన వెలుగు పడినప్పుడు చూపు ఎలా ఉంటుందో ఆ పరీక్ష చెప్పదు. కనుక పట్టికలో 6/6 వచ్చినంత మాత్రాన శుక్లం లేదని నిర్ణయించడం సరికాదు.

ఉదాహరణకు, ఉబ్బసానికి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడిన 48 ఏళ్ల అధ్యాపకుణ్ణి ఊహించుకుందాం. కళ్లద్దాలు రెండుసార్లు మార్చినా హెడ్‌లైట్లు పూలలా విచ్చుకొని కనబడుతున్నాయి. ముందుగా తోసిపుచ్చవలసినది కారు అద్దం మీది మరకలను. తల పక్కకు వంచినప్పుడు కాంతిచారలు కూడా వంగితే కారణం కంటిలోనో, పెట్టుకున్న కళ్లద్దాల్లోనో ఉంది. కదలకపోతే కారు అద్దంలో ఉంది. (ఈ చిన్న పరీక్ష చాలామందికి తెలియదు.) ఇతనికి చారలు వంగాయి.

ఇక వాహనం ఆపి, దూరంగా ఉన్న వీధిదీపాన్ని ఒక్కొక్క కంటితో చూడాలి. రెప్పలార్పగానే వలయం తగ్గి, కొన్ని క్షణాలకు మళ్లీ వస్తే కన్నీటి పొరను అనుమానించాలి. ఏసీ గాలి ముఖానికి తగులుతుండగా రెప్పవేయక రోడ్డునే చూసేవారిలో ఆ పొర త్వరగా చెదిరిపోతుంది. అట్టముక్కకు చేసిన సన్నని రంధ్రంలోంచి చూసినప్పుడు దీపం స్పష్టమైతే అది ప్రధానంగా వక్రీభవన దోషం. చీకటిలో కంటిపాప విప్పారడం వల్ల పగలు బాధించని స్వల్ప ఆస్టిగ్మాటిజం కూడా రాత్రి బయటపడుతుంది. అయితే రంధ్రపరీక్ష సూచన మాత్రమే. కొన్ని రకాల శుక్లాల్లోనూ దానితో చూపు కొంత మెరుగుపడవచ్చు.

మన అధ్యాపకునికి కుడికంటితో చూసినప్పుడే వలయం కనిపించింది. రెప్పపాటుకు మారలేదు, రంధ్రంతో తగ్గలేదు. పగటి ఎండలోనూ, దగ్గరి చదువులోనూ ఆ కన్నే ఇబ్బందిపెడుతోంది. ఇది కటకపు వెనుకపొర కింద, సరిగ్గా మధ్యలో ఏర్పడే శుక్లం లక్షణం. వెలుగు పడినా, దగ్గరకు చూసినా కంటిపాప ముడుచుకుంటుంది. అప్పుడు కాంతికి మిగిలే దారి ఆ మసకమచ్చ గుండానే. స్టెరాయిడ్ల వాడకం, మధుమేహం దీనికి తెలిసిన కారణాలు. పట్టిక పక్కన దీపం వెలిగించి చదివించగా అతని చూపు 6/18కి పడిపోయింది. చుక్కలమందుతో కంటిపాపను విప్పార్చి స్లిట్ ల్యాంప్‌తో చూసినప్పుడు మచ్చ కనబడింది.

వలయాలు ఇంద్రధనుస్సు రంగుల్లో ఉండి, కంటినొప్పి, ఎరుపు, వాంతి తోడైతే ఈ పరీక్షలతో కాలయాపన చేయరాదు. అది కంటిలోని ఒత్తిడి హఠాత్తుగా పెరిగిన స్థితి కావచ్చు. వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

శుక్లమూ పొడికన్నూ ఒకే కంటిలో ఉండడం అరుదు కాదు. అటువంటప్పుడు ముందు పొడితనాన్ని సరిచేయాలి. లేకుంటే అమర్చవలసిన కటకపు కొలతే తప్పుతుంది. రాత్రి వాహనం నడిపేవారు ఆ సంగతి శస్త్రవైద్యునికి ముందే చెప్పాలి. ఎందుకంటే దూరానికీ దగ్గరకూ పనికివచ్చే మల్టీఫోకల్ కటకాలు తామే దీపాల చుట్టూ వలయాలు కలిగించవచ్చు.